స్ప్రే కొట్టాక గోడకు సున్నం వేస్తే మందు పనిచేస్తదా?

దేవరకొండ రైతు: ఆగస్టులో మా ఇంటి గోడలకు మలేరియా స్ప్రే కొట్టిపోయారు. దసరా అని గోడలు అలికి సున్నం వేశాం. పది రోజులకే మా నాన్నకు చలిజ్వరం, టెస్టులో మలేరియా. మందు కల్తీదా?

కొల్లాపూర్ కుర్రాడు: రాత్రి కుట్టే దోమకు దోమతెర చాలన్నా, స్ప్రే దండగ.

రిటైర్డ్ హెల్త్ వర్కర్: కల్తీ అని ఇప్పుడే అనకండి. మన పల్లెల్లో మలేరియా మోసేది ఎక్కువగా అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ అనే దోమ. అది రక్తం తాగి బరువెక్కి, అరిగేదాకా పక్క గోడ మీదో కొట్టంలోనో వాలుతుంది. వాలినప్పుడు కాళ్లకు మందు అంటితేనే చస్తుంది. మీరు వేసిన సున్నం ఆ మందును కప్పేసింది. కొట్టాక రెండు మూడు నెలలు అలకవద్దు, సున్నం వేయవద్దు. స్ప్రే కుట్టడాన్ని ఆపదు. దోమలో క్రిమి పెరగడానికి దాదాపు పది రోజులు పడుతుంది, ఆలోపే స్ప్రే ఆ దోమను చంపుతుంది. అందుకే ఊరంతా కొట్టించుకోవాలి.

తెల్లారి ఆరింటికి టార్చితో గోడలు చూడండి. ఎర్రటి పొట్టతో కదలకుండా వాలి ఉంటే అది రక్తం తాగిన దోమే. రోజూ అలా బతికున్నవి కనిపిస్తే మందు గోడ మీద లేనట్టు, లేదా ఆ దోమ మందుకు మొండికేసినట్టు.

తెర సంగతి. కుర్రాడు చెప్పింది సగం నిజం. మందు పట్టించిన తెర కుట్టకుండా అడ్డుకుంటుంది, వాలిన దోమను చంపుతుంది. కానీ మనం పడుకునే ముందే, వాకిట్లో కూర్చున్నప్పుడు కుడితే తెర ఏం చేస్తుంది?

అచ్చంపేట అక్క: మా పాపకు తెరలో పడుకున్నా డెంగీ వచ్చింది సార్. తెర ఎందుకు మరి?

రిటైర్డ్ హెల్త్ వర్కర్: అది వేరే దోమ అమ్మా, పగలు కుడుతుంది. మంచం కింద, వేలాడేసిన బట్టల వెనక నక్కుతుంది, గోడ మీద కొట్టిన మందు దానికి పెద్దగా తగలదు. వారానికోసారి డ్రమ్ములు, కూలర్లు ఖాళీ చేసి తోమండి.

సాగర్ ఆయకట్టు: నాట్ల టైంలో మోటారు కాడ నులక మంచం మీదే పడుకుంటా, గోడే లేదు. నాలుగు కర్రలు పాతి తెర కట్టా, అంచులు చాప కింద దోపా. ఇంకో మాట, మా ఆవిడ తెరను ఎండలో ఆరేస్తది, తప్పా?

రిటైర్డ్ హెల్త్ వర్కర్: మీకు తెరే సరి. నీడన ఆరేయమనండి, ఎండకు మందు పోతుంది. ఇరవై ఉతుకుల దాకా ఉండాలి, చిరిగితే వెంటనే కుట్టుకోండి.

దేవరకొండ రైతు: ఇంటికి ఆనుకొని బర్రెల కొట్టం ఉంది, దానికి స్ప్రే కొట్టలేదు. దోమలు అక్కడే కుప్పలుగా ఉన్నాయి. అది కూడా కొట్టించాలా?

కొల్లాపూర్ కుర్రాడు: కొట్టంలో చంపితే మనుషుల మీదికి రావుగా?

రిటైర్డ్ హెల్త్ వర్కర్: ఈ దోమకు పశువుల రక్తమే ఎక్కువ ఇష్టం. బర్రెలు ఉన్నందుకు మన మీద తగ్గుతాయా, ఇంటి దగ్గరికే పోగవుతాయా అన్నది మేము డ్యూటీలో ఉన్నప్పుడూ వాదించుకునేవాళ్లం. నేనైతే ముందు మీ నాన్న పడుకునే గదికి కొట్టించి, ఆయన మంచానికి తెర కడతా. మందు కోర్సు మధ్యలో ఆపలేదు కదా?

దేవరకొండ రైతు: జ్వరం తగ్గిందని నాలుగు రోజులకే ఆపేశాడు సార్. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా.