కొత్త బిల్డింగులకు పార్కింగ్ తప్పనిసరి కదా, మరి అనంతపురం సుభాష్ రోడ్డులో బండ్లన్నీ రోడ్డు మీదే ఎందుకు?

సాయినగర్ వాసి (ప్రశ్న):
నిన్న అమ్మను తీసుకుని సుభాష్ రోడ్డులో ఒక బట్టల షాపుకు వెళ్లాను. అది కొత్త బిల్డింగే, కట్టి మూడేళ్లు కూడా కాలేదు. ముందు రెండు వరుసలుగా బైకులు, వాటి పక్కన కార్లు. మోకాళ్ల నొప్పులున్న అమ్మను నడిరోడ్డు మీద దించాల్సి వచ్చింది. పార్కింగ్ చూపించకుండా ప్లాన్ పాస్ కాదంటారు. మరి ఆ పార్కింగ్ ఎక్కడికి పోయింది? రూల్ సరిపోవడం లేదా, లేక రూలే తప్పా?

బట్టల షాపు యజమాని:
అన్నా, నా షాపు ఆ రోడ్డులో కాదు గానీ టవర్ క్లాక్‌కు దగ్గర్లోనే. మా వైపు నుంచి కూడా వినండి. మా బిల్డింగు మా నాయన కాలంది. అప్పట్లో ఈ పార్కింగ్ రూలు లేదు, సైకిళ్లు గోడకు ఆనించేవాళ్లు. ఇప్పుడు పార్కింగ్ కోసం నేను గోడ పగలగొట్టాలా? కస్టమర్ షాపు ఎదురుగా బండి పెట్టుకునే చోటు లేకపోతే ఇంకో షాపుకు పోతాడు. రోడ్డు వెడల్పు చేస్తే సగం సమస్య పోతుంది.

ప్లాన్లు గీసే మనిషి:
పాత బిల్డింగు గురించి మీరు చెప్పింది నిజమే. రూలు కొత్త కట్టడాలకే వర్తిస్తుంది, కాబట్టి పాత బజారులో దాని ఫలితం చాలా నెమ్మదిగా కనిపిస్తుంది. కానీ ప్రశ్న అడిగిన ఆయన చూసింది కొత్త బిల్డింగు. దాని సంగతి వేరు.

నేను ఇరవై ఏళ్లుగా ప్లాన్లు గీస్తున్నాను. మన రాష్ట్రంలో 2017 బిల్డింగ్ రూల్స్ పార్కింగ్‌ను కార్ల సంఖ్యతో అడగవు. మొత్తం నిర్మాణ విస్తీర్ణంలో ఇంత శాతం అని అడుగుతాయి. సినిమా హాళ్లున్న మాల్‌కు ఎక్కువ, అపార్ట్‌మెంట్‌కు తక్కువ. ఊరి స్థాయిని బట్టి కూడా మారుతుంది.

ఒక సైటు తీసుకుందాం. 40 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు. అంటే ఐదున్నర సెంట్లు, మన ఊళ్లో మామూలుగా కనపడే సైజు. చుట్టూ ఖాళీ వదిలాక ఫ్లోరుకు 1,500 చదరపు అడుగులు వస్తుందనుకోండి. మూడు ఫ్లోర్లకు 4,500. లెక్క కోసం పార్కింగ్ 30 శాతం అనుకుంటే 1,350 చదరపు అడుగులు కావాలి. అంటే కింది ఫ్లోరు మొత్తం గోడల్లేకుండా స్తంభాల మీద ఖాళీగా, అంటే స్టిల్ట్‌గా వదలాల్సిందే. రోడ్డు మట్టంలో షాపు ఉండకూడదన్నమాట.

అసలు చిక్కు ఇక్కడే. బజారులో అద్దె వచ్చేది రోడ్డు మట్టం షాపుకే. పై ఫ్లోర్లకు అందులో సగం వస్తే గొప్ప. యజమాని తన సైటులో అన్నిటికన్నా విలువైన చోటును బండ్లకు వదలాలి. ప్లాన్‌లో వదులుతాడు. మంజూరు సమయంలో బిల్డింగులో పది శాతం మున్సిపాలిటీకి పూచీగా రాసిస్తాడు, ప్లాన్ ప్రకారమే కట్టారని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక అది విడుదలవుతుంది. ఆ తర్వాత కొన్ని నెలలకు స్టిల్ట్‌కు షట్టర్ పడుతుంది.

ముందే పసిగట్టవచ్చు. బండ్లు పెట్టడానికి ఎనిమిది, ఎనిమిదిన్నర అడుగుల ఎత్తు చాలు. కింది ఫ్లోరును పదకొండు అడుగుల ఎత్తులో పోసి, ముందు స్తంభాల మధ్య దూలం దించి, రెండు పక్కలా షట్టర్ గాడికి సందు వదిలారంటే అది పార్కింగ్ కోసం కట్టింది కాదు.

ఆటో అన్న, పాతూరు:
సార్ చెప్పింది కళ్లారా చూశాను. మా వీధి చివర ఒక బిల్డింగులో కింద మొదటి ఆర్నెల్లు బండ్లు పెట్టారు. తర్వాత గోడ లేచింది, ఇప్పుడు పాత్రల గోడౌన్. అన్లోడింగ్ లారీ పగలే రోడ్డు మీద గంట నిలబడుతుంది. నేను బేరం దించడానికి ఆగితే మాత్రం ఫైన్.

కొత్త ఫ్లాట్ ఓనర్:
నాదీ ఇదే సమస్య. మా అపార్ట్‌మెంట్‌లో బిల్డర్ స్టిల్ట్‌లో స్లాట్‌కు విడిగా డబ్బు తీసుకున్నాడు. కట్టనివాళ్లు బయట పెట్టుకోవాలంట. ఇది న్యాయమా?

ప్లాన్లు గీసే మనిషి:
మీది వేరే ప్రశ్న అక్కా, కానీ పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. మహారాష్ట్ర నుంచి వెళ్లిన ఒక కేసులో 2010లో సుప్రీంకోర్టు స్టిల్ట్ పార్కింగ్ అందరి ఉమ్మడి ఆస్తి అని, బిల్డర్ దాన్ని విడిగా అమ్మడానికి వీల్లేదని తీర్పు ఇచ్చింది. అది ఆ రాష్ట్ర చట్టం మీద వచ్చిన తీర్పు. మీ కాగితాల్లో ఏం రాశారో లాయర్‌కు చూపించండి.

సిటీ ప్లానింగ్ చదివిన అమ్మాయి:
నాకు ఈ రూలే సగం తప్పనిపిస్తుంది. ఐదు సెంట్ల సైటు వాళ్లందరినీ ఎవరి పార్కింగ్ వాళ్లు కట్టుకోమంటే బజారంతా చిన్న చిన్న గుహలవుతుంది. ఒక్కొక్కరు వదిలే స్టిల్ట్‌లో కార్లు ఎన్ని పడతాయి? లోపల తిరిగే దారితో కలిపి కారుకు దాదాపు 300 చదరపు అడుగులు పోతుంది. ప్లాన్లు గీసే సార్ లెక్కలోని 1,350లో నాలుగు కార్లు. నాలుగు కార్ల కోసం ఒక షాపును చంపుతున్నాం. లండన్ 2004లోనే కనీస పార్కింగ్ రూలు తీసేసింది. మెక్సికో సిటీ 2017లో కనీసం అనే మాట తీసేసి గరిష్ఠ పరిమితి పెట్టింది. మనమూ చిన్న సైట్ల దగ్గర పార్కింగ్ చోటుకు బదులు డబ్బు కట్టించుకుని, ఆ డబ్బుతో నాలుగు వీధులకు కలిపి ఒక ఉమ్మడి పార్కింగ్ కట్టవచ్చు.

ఆటో అన్న, పాతూరు:
ఆ ఊళ్లలో భూమి కింద రైళ్లు తిరుగుతాయి చెల్లీ. బుక్కరాయసముద్రం నుంచో రాప్తాడు నుంచో పెళ్లి బట్టలకు వచ్చేవాళ్లు బైకు లేకుండా ఎలా వస్తారు? సాయంత్రం ఏడు దాటాక వాళ్ల ఊరికి బస్సు ఉంటుందని మీరు హామీ ఇస్తారా?

సిటీ ప్లానింగ్ చదివిన అమ్మాయి:
బస్సుల మాట ఒప్పుకుంటాను అన్నా. బైకులు రావద్దని నేను అనడం లేదు. ప్రతి సైటులోనూ వాటికి చోటు ఉండాలా, లేక వంద గజాల నడకలో ఒకే చోట ఉంటే చాలా అన్నదే నా ప్రశ్న.

బట్టల షాపు యజమాని:
వంద గజాలు ఎవరూ నడవరమ్మా. మా కస్టమర్ పది అడుగులు కూడా నడవడు. అసలు స్టిల్ట్ ఎందుకు, సెల్లార్ తవ్వుకోనిస్తే షాపూ పోదు, పార్కింగూ ఉంటుంది కదా?

ప్లాన్లు గీసే మనిషి:
చిన్న సైటుకు సెల్లార్ అనుమతి రాదన్నా, దానికి కారణం కూడా ఉంది. ర్యాంపు వాలు ఎనిమిదికి ఒకటి మించకూడదు. పది అడుగుల లోతుకు దిగాలంటే ఎనభై అడుగుల పొడవు ర్యాంపు కావాలి. మన సైటు లోతే అరవై అడుగులు. నిటారుగా వేస్తే ఏమవుతుందో పాత సెల్లార్లు చూడండి. వెనక భార్యను, ముందు బిడ్డను కూర్చోబెట్టుకుని ఎవరూ ఆ ర్యాంపులో బండి దించరు. వానాకాలంలో నీళ్లు నిలుస్తాయి. చివరికి సరుకు పెట్టుకుంటారు, బండ్లు రోడ్డు మీదే ఉంటాయి.

ఇక బైకుల లెక్క. కార్ల లెక్క చూసి మనం దారి తప్పుతున్నాం. నాలుగు కార్లు పట్టే 1,350 చదరపు అడుగుల్లోనే బైకుకు పాతిక చొప్పున వేసుకున్నా యాభై బైకులు పడతాయి. మన ఊళ్లో షాపుకు వచ్చేవాళ్లలో ఎక్కువ మంది వచ్చేది బైకు మీదే.

రోడ్డు మీద నిలిచిన ఆ బైకులు ఎవరివో ఎప్పుడైనా చూశారా? నేను ఒక షాపు ప్లాన్ పని మీద మూడు రోజులు ఎదురుగా టీ అంగట్లో కూర్చున్నాను. షాపు తెరవక ముందే ముందు వరుస నిండిపోయింది. అవి కస్టమర్లవి కావు, పనిచేసే పిల్లలవి. బైకులు పక్కపక్కన పెడితే ఒక్కోదానికి రెండున్నర అడుగులు. 40 అడుగుల ముఖానికి పదహారు. పదహారు మంది స్టాఫ్ ఉన్న షాపు తన ముఖాన్ని తన బండ్లతోనే మూసేసుకుంటుంది, రాత్రి తొమ్మిదింటి దాకా. కస్టమర్ వచ్చి రెండో వరుసలో, అంటే రోడ్డు మీద పెడతాడు.

అదే పదహారు చోట్లు కస్టమర్‌కు వదిలితే? ఒక్కొక్కరు ఇరవై నిమిషాలుంటే ఒక చోటులో గంటకు ముగ్గురు, పది గంటల్లో ముప్పై మంది. పదహారు చోట్లకు 480 మంది. స్టాఫ్ బండ్లు స్టిల్ట్‌లోకి పోతే చాలు. వాళ్లు రోజంతా ఉండేవాళ్లు, లోపలికి నెట్టి పెట్టడానికి వాళ్లకు అభ్యంతరం ఉండదు. అందుకే నేను స్టిల్ట్ వదులుకోవద్దంటాను. ఆ చెల్లి చెప్పినట్టు డబ్బు కట్టి వదిలించుకుంటే స్టాఫ్ బండ్లకు కూడా చోటుండదు.

బట్టల షాపు యజమాని:
ఇది నిజం. మా పిల్లలవి పదకొండు బండ్లు, అన్నీ ముందే ఉంటాయి. నాకు స్టిల్ట్ లేదు, కానీ వెనక సందులో ఒక ఖాళీ స్థలం ఉంది. దాని ఓనర్‌ను నెలకు అద్దె అడుగుతాను. అయితే నేనొక్కణ్ణే తీస్తే ఆ ఖాళీలో పక్క షాపు వాళ్ల బండ్లు వచ్చి పడతాయి. దానికి ఏం చేయాలి?

సిటీ ప్లానింగ్ చదివిన అమ్మాయి:
అందుకే వీధి మొత్తానికి ఒక పద్ధతి కావాలంటున్నాను. ముందు వరుసలో అరగంట దాటితే డబ్బు వసూలు చేస్తే స్టాఫ్ బండ్లు వాటంతటవే లోపలికి పోతాయి.

ఆటో అన్న, పాతూరు:
వసూలు చేసేవాడికి కాంట్రాక్ట్ ఇస్తారు, వాడు ఐదు నిమిషాలు ఆగినా చీటీ చింపుతాడు. నేను ఒప్పుకోను. గీత గీసి, గీత దాటిన బండి ఎత్తుకుపోతే చాలు.

సాయినగర్ వాసి:
నేను ఇవాళ మళ్లీ ఆ బిల్డింగు చూసి వచ్చాను. కింది ఫ్లోర్‌లో చెప్పుల సెక్షన్ ఉంది. పైన షట్టర్ డబ్బా, స్తంభాల పక్కన గాడి, ఎత్తు కూడా పదకొండు అడుగులకు తగ్గదు. దీని ప్లాన్‌లో అక్కడ ఏం చూపించారో ఎలా తెలుసుకోవాలి?

ప్లాన్లు గీసే మనిషి:
మున్సిపల్ కార్పొరేషన్‌లో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ఫీజు పది రూపాయలు. డోర్ నంబర్ రాసి, మంజూరైన ప్లాన్ నకలు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ నకలు అని రెండూ అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్లాన్‌లో స్టిల్ట్ అని ఉండి అక్కడ చెప్పులు అమ్ముతుంటే, పార్కింగ్ చోటును వేరే పనికి వాడటం రూల్స్ ప్రకారం తొలగించదగిన ఉల్లంఘన. రెండు కాగితాలూ జతచేసి సోమవారం గ్రీవెన్స్‌లో ఇవ్వండి. ఫొటో ఒక్కటే ఇస్తే "పరిశీలిస్తాం" అంటారు. ప్లాన్ ఉంటే టౌన్ ప్లానింగ్ వాళ్లు కొలిచి రాయక తప్పదు.

ఒకవేళ ఆ బిల్డింగుకు అసలు స్టిల్ట్ అడగకుండానే ప్లాన్ పాసై ఉంటే, వచ్చి ఇక్కడ చెప్పండి. అప్పుడు చెల్లి వాదన మళ్లీ మొదటి నుంచి మాట్లాడుకోవాలి.