బోసు రోడ్డులో మరో సాయి: పెళ్లి ఫోటోల స్టూడియోకి ఏ పేరు పెట్టాలి?

సాయి, తెనాలి:
బోసు రోడ్డులో షటర్ అద్దెకు తీసుకున్నా. పెళ్లి ఫోటోలు, వీడియో చేస్తా. నా పేరే సాయి. ఊళ్లో సాయి అనే మాటతో మొదలయ్యే స్టూడియోలు నేను తిరిగి లెక్కపెట్టినవే ఏడు. అమ్మ ‘సాయి డిజిటల్స్’ అనే పెట్టమంటోంది. నాకేమో పెళ్లి మాట ఏదైనా పెట్టాలని ఉంది: ముహూర్తం, అడ్డుతెర, బాసికం. బోర్డు వాడికి శుక్రవారం లోపు చెప్పాలి. ఏది పెట్టను?

కొల్లిపర బాబాయ్:
అమ్మ మాట విను నాయనా. ముప్పై ఏళ్లు పెళ్లిళ్లు తీశాను. బోర్డు చూసి వచ్చినవాడు ఒక్కడూ లేడు. పంతులుగారు చెబితే వచ్చారు, వంటమేస్త్రి చెబితే వచ్చారు. వాళ్లు చెప్పేది మనిషి పేరు. నా స్టూడియో పేరేమిటో మా ఊళ్లో సగం మందికి ఇప్పటికీ తెలీదు. ‘ఫోటో బాబాయ్’ అంటే ఇంటికి తీసుకొచ్చి దింపుతారు.

ఆల్బమ్ డిజైనర్, బెజవాడ:
బాబాయ్‌గారూ, మీ ఊళ్లో ఫోటో బాబాయ్ మీరొక్కరే. తెనాలిలో ‘ఫోటో సాయి’ అంటే ‘ఏ సాయి? మారిస్‌పేట సాయా, గంగానమ్మపేట సాయా?’ అని ఎదురు ప్రశ్న వస్తుంది.

నేను ల్యాబ్‌లో ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. మాకు వచ్చే ఫోల్డర్ల మీద స్టూడియో పేరే ఉంటుంది. ఒక సీజన్‌లో ఒకే ఊరి నుంచి సాయి డిజిటల్స్, శ్రీ సాయి డిజిటల్స్, సాయి డిజిటల్ స్టూడియో మూడూ ఒకే వారంలో వచ్చాయి. పార్సిల్ కట్టిన కుర్రాడు రెండు ఆల్బమ్‌లు తారుమారు చేశాడు. ఒక స్టూడియో వాళ్లు విప్పి చూస్తే అందులో వేరే పెళ్లికూతురు! తప్పు మాదే, ఖర్చూ మేమే పెట్టుకున్నాం. కానీ ఇక్కడ ఒకటి గమనించండి. పేర్లు రాసుకున్నవాళ్లమే తప్పామంటే, పందిట్లో చెవితో విన్న చుట్టానికి తేడా ఎలా తెలుస్తుంది? స్టూడియో, డిజిటల్స్, ఫోటోగ్రఫీ అనే మాటలు ఎవరి చెవిలోనూ నిలవవు. మొదటి మాటే నిలుస్తుంది. అది ఏడుగురికీ ఒకటే అయితే వెనక ఏం తగిలించినా లాభం లేదు.

లోగో రాజా:
ఇంత టెన్షన్ ఎందుకు తమ్ముడూ? ఆన్‌లైన్‌లో 4,500 కట్టి ట్రేడ్‌మార్క్ చేయించుకో. ఆ తర్వాత ఊళ్లో ఎవడూ సాయి అని పెట్టడానికి వీల్లేదు. ఉన్నవాళ్లకి కూడా నోటీసులు పంపొచ్చు.

నిర్మల, గుంటూరు:
రాజాగారూ, ఫీజు సరిగ్గా చెప్పారు. సొంతంగా నడుపుకునేవాళ్లకి ఒక క్లాసుకి, అంటే ఒక రకం సరుకులకో సేవలకో, 4,500, ఫోటోగ్రఫీ సేవలు 41వ క్లాసు. మిగతాది కాదు. నేను ఈ దరఖాస్తుల పనే చేస్తాను.

దేవుడి పేరు అందరూ వాడేది. దాన్ని ఒక్కరికే కట్టబెట్టమంటే గట్టి అభ్యంతరం వస్తుంది. ‘రామాయణ్’ అనే పేరు అగరుబత్తీలకి తనదేనన్న వ్యాపారి వాదన 2015లో సుప్రీంకోర్టులో నిలవలేదు. ఫలానా బొమ్మతో, ఫలానా అక్షరాలతో ఉన్న లోగోగా రిజిస్ట్రేషన్ దొరకొచ్చు. కానీ అందులోని సాయి అన్న మాట మీ సొత్తు అయిపోదు. ఇక నోటీసులంటారా, మీకంటే ముందు నుంచి వాడుతున్నవాళ్లని చట్టంలో 34వ సెక్షన్ కాపాడుతుంది. ఆ ఏడుగురూ సాయిగారికంటే పాతవాళ్లే కదా!

సాయిగారికి ఒక వెసులుబాటు ఉంది. అది ఆయన సొంత పేరు కాబట్టి నిజాయితీగా వాడుకుంటే సాధారణంగా ఎవరూ ఆపలేరు. ఆపలేరు అన్నంత మాత్రాన గుర్తుపడతారని కాదు.

వేణు, కరీంనగర్:
నా సంగతి వినండి. నేనూ, నా దోస్తూ కలిసి స్టూడియో పెట్టినం. ఇద్దరి పేర్లలో మొదటి అక్షరాలు కలిపి పేరు అల్లినం. బోర్డు మీద మస్తుగుండె. మూడేండ్లకి విడిపోయినం. సగం అక్షరాలు ఆయనవి, సగం నావి. ఇప్పుడు పాత కస్టమర్ ఫోన్ చేస్తే ‘మీరు ఆ స్టూడియోవాళ్లేనా?’ అని అడుగుతడు, ఏం చెప్పాలె? సాయి అన్నా, నీకు పార్ట్‌నర్ ఉన్నడా?

సాయి, తెనాలి:
లేడన్నా, ఒక్కడినే.

మిర్రర్‌లెస్ మురళి:
పేరు సంగతి తర్వాత. ఏ కెమెరా తీసుకున్నావు బ్రదర్?

ఆల్బమ్ డిజైనర్, బెజవాడ:
మురళిగారూ, దానికి వేరే చర్చ పెట్టుకోండి.

సాయీ, పెళ్లి మాట పెట్టడం మంచిదే. కానీ తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. గూగుల్ కొంతవరకు సర్దుకుని చూపిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ యూజర్‌నేమ్‌లో మాత్రం ఒక్క అక్షరం తేడా వస్తే అది వేరే ఖాతా. పందిట్లో ఒకరు ‘మీరెవరి తరఫు?’ అని అడుగుతారు, నువ్వు పేరు చెబుతావు, వాళ్లు ఫోన్‌లో కొడతారు. ఆ కొట్టింది నీ దగ్గరికి రావాలి.

ఇవాళే పదిమందికి ఫోన్ చెయ్యి. స్పెల్లింగ్ చెప్పకుండా పేరు మాత్రం చెప్పి, ఇంగ్లీషులో టైప్ చేసి పంపమను. మన రంగంతో సంబంధం లేనివాళ్లయితే మేలు.

సాయి, తెనాలి:
చేశానన్నా. ‘ముహూర్తం’ నాలుగు రకాలుగా వచ్చింది: muhurtham, muhurtam, muhoortham, ఒకరైతే mahurtham. పైగా అది పెళ్లి పట్టుచీరల కొట్టు అనుకున్నారు ఇద్దరు. ‘అడ్డుతెర’ adduthera అని ఐదుగురు, addutera అని ముగ్గురు, మిగతావాళ్లు పరదా పేరా అని నవ్వారు. ‘బాసికం’ ఏడుగురు basikam అనే రాశారు, ముగ్గురు bhasikam అన్నారు.

కొల్లిపర బాబాయ్:
అడ్డుతెర మాత్రం వద్దురా అబ్బాయ్. జీలకర్ర బెల్లం వేళ తెర దింపే క్షణం మన ఫోటోకి ప్రాణమే, కాదనను. కానీ పెళ్లివారి ఇంటికి వెళ్లి ‘అడ్డు’ అంటూ మొదలుపెడితే పెద్దవాళ్లు ముఖం చిట్లిస్తారు. బాసికం బాగానే ఉంది, నుదుటన కట్టేది కాబట్టి శుభమే. అయినా ఈ కాలం పిల్లలకి బాసికం అంటే తెలుసా?

నిర్మల, గుంటూరు:
తెలియకపోవడమే నయం అంటాను నేను. అర్థం అడుగుతారు, చెబుతారు, గుర్తుంటుంది. ట్రేడ్‌మార్క్ పరంగా చూసినా ‘వెడ్డింగ్ ఫోటోస్’ లాంటివి చేసే పనినే చెబుతున్నాయి కాబట్టి తిరస్కరిస్తారు. బాసికం పెళ్లి వస్తువే గానీ ఫోటో తీయడం అనే పనిని చెప్పదు, కాబట్టి కొంత బలం ఉంది. కొంతే అంటున్నాను, పెళ్లికి దగ్గరి మాట కాబట్టి పరీక్షించే అధికారి ఏమంటారో ముందే చెప్పలేం. ఏదైనా బోర్డుకి డబ్బు కట్టేముందు ట్రేడ్‌మార్క్ ఆఫీసు వాళ్ల ipindia సైట్‌లో 41వ క్లాసు కింద వెతకండి, ఉచితమే. ఉచ్చారణ దగ్గరగా ఉన్నవాటి కోసం ఫొనెటిక్ అనే ఎంపిక ఉంటుంది, అది కూడా నొక్కి చూడండి.

ఆల్బమ్ డిజైనర్, బెజవాడ:
bhasikam స్పెల్లింగ్‌తో కూడా ఒక ఖాతా తెరిచి ‘అసలు పేజీ ఇక్కడ’ అని పెట్టుకో. చిన్న హ్యాండిల్ ఎవరైనా తీసుకుని ఉంటే వెనక tenali తగిలించు, కానీ అంకెలు, రెండేసి అండర్‌స్కోర్లు వద్దు. అవి నోటితో చెప్పలేవు.

వేణు, కరీంనగర్:
మా దిక్కు బాసికాన్ని బాసింగం అంటరు చానామంది. అట్ల వెతికితే దొరుకుతవా?

ఆల్బమ్ డిజైనర్, బెజవాడ:
మంచి మాట పట్టారు. నాకు తట్టలేదు. తెనాలి చుట్టుపక్కల పనికి పెద్ద ఇబ్బంది కాదనుకుంటా, హైదరాబాద్ పెళ్లిళ్లు వస్తే అప్పుడు చూడాలి.

కొల్లిపర బాబాయ్:
నేనింకా అంటున్నా, మనిషి పేరే నిలుస్తుంది.

సాయి, తెనాలి:
బోర్డు మీద పెద్దక్షరాల్లో ‘బాసికం’, కింద చిన్నగా ‘సాయి, బోసు రోడ్డు’ అని రాయిద్దామనుకుంటున్నా. అమ్మకి చెబితే సాయి పైనుండాలంది. బోర్డు వాడు రెండు డిజైన్లకీ వేరే వేరే డబ్బులు అడుగుతున్నాడు. రేపు ఇంకోసారి అమ్మతో మాట్లాడి చెబుతా.