ఆవు-పులి కథ రెండు నిమిషాల్లో చెప్పాలంటే ఏం తీసెయ్యాలి?

వైట్‌ఫీల్డ్ అమ్మ:
మా అపార్ట్‌మెంట్‌లో తెలుగు పిల్లలకి ఆదివారం సాయంత్రం కథలు చెబుతున్నాం. ఒక్కొక్కరికి రెండు నిమిషాలే, పిల్లలందరూ నాలుగు నుంచి ఆరేళ్ల లోపు వాళ్లు. నాకు ఆవు-పులి కథ చెప్పాలని ఉంది. మా నాయనమ్మ చెప్పిన పద్ధతిలో అయితే పావుగంట పైనే పడుతుంది: గొల్లవాడు ఆవుల్ని పేరుపేరునా పిలవడం, అడవి వర్ణన, ఆవు పులిని బతిమాలడం, దూడకి బుద్ధులు చెప్పడం, తోటి ఆవులకి దూడని అప్పగించడం, మళ్లీ పులి దగ్గరికి పోవడం. ఏది తీసినా కథ పాడవుతుందనిపిస్తోంది. ఎవరైనా ఇలా కుదించి చెప్పారా?

మారతహళ్లి మామయ్య:
చాలా సులువు. రెండు నిమిషాలంటే 250 మాటలు. వర్ణనలు తీసెయ్యండి, ఒకే మాట మళ్లీ మళ్లీ రాకుండా చూసుకోండి, సగం కథ అక్కడే తగ్గిపోతుంది.

బాణసవాడి టీచరమ్మ:
వర్ణనలు తీసెయ్యమన్నది సరైన మాటే అండీ. మిగతా రెండూ మాత్రం ఒప్పుకోను. చిన్నపిల్లల బడిలో చాలా ఏళ్లు కథలు చెప్పాను కాబట్టి చెబుతున్నా. 250 మాటలన్నది ఇంగ్లీషు లెక్క. తెలుగులో ఒక్కో మాట పొడుగు, పైగా పిల్లల ముందు ఆగి, వాళ్ల మొహాలు చూసి, గొంతు మార్చి చెప్పాలి. 150 మాటలు దాటితే రెండు నిమిషాల్లో పట్టదు. ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి, తెలిసిపోతుంది. కాకపోతే మనసులో చదువుకుని టైం చూసుకోకండి, పైకి చెప్పి చూసుకోండి.

ఇక మళ్లీ వచ్చే మాట గురించి. నాలుగేళ్ల పిల్ల కథని పట్టుకునేది దానితోనే. తీయాల్సినవి సంఘటనలు, తిరిగి వచ్చే మాట కాదు. ఈ కథలో చోట్లు ఎన్నో లెక్కపెట్టండి: అడవి, ఇల్లు, మళ్లీ అడవి. ఈ మూడింట్లో జరగనిదంతా తీసెయ్యొచ్చు. గొల్లవాడు పోతాడు, ఆవుల పేర్లు పోతాయి, తోటి ఆవులు ఒక్క వాక్యంలోకి వస్తాయి. బతిమాలడం కూడా ఒక్కసారి చాలు.

వైట్‌ఫీల్డ్ అమ్మ:
గొల్లవాడిని తీసేస్తే ఆవు ఒక్కతే అడవికి ఎందుకు వెళ్లిందని అడగరా టీచరమ్మా?

బాణసవాడి టీచరమ్మ:
అడగరమ్మా, మేతకి పోయిందంటే చాలు. వాళ్లు అడిగేది వేరే ఉంటుంది. దూడ సంగతి ముందే చెప్పకుండా, పులి ఎదురయ్యాక ఆవు చేత "నాకు దూడ ఉంది" అనిపిస్తే, తప్పించుకోవడానికి చెబుతోందనుకుంటారు. అందుకే దూడ మొదటి వాక్యంలోనే రావాలి. పులి ఆకలి కూడా ఒక్క మాటైనా ఉండాలి, లేకపోతే చివర్లో అది ఆవుని వదిలేయడం పెద్ద విషయంగా తోచదు. కథ మధ్యలో మీ నోట "అంతకు ముందు ఏమైందంటే" అని వచ్చిందంటే, ముందు చెప్పాల్సింది ఏదో కోసేశారన్నమాట.

నేను చెప్పే పద్ధతి ఇది, కావాలంటే వాడుకోండి:

అనగనగా ఒక ఆవు. ఆ ఆవుకి ఒక బుజ్జి దూడ. ఒకరోజు ఆవు అడవికి మేతకి పోయింది. అడవిలో పులి ఉంది. దానికి ఒకటే ఆకలి. గబుక్కున ఎదురొచ్చి "ఆవూ ఆవూ, నిన్ను తింటా" అంది. "తిందువుగానిలే పులిరాజా, ఇంటి దగ్గర నా దూడ ఆకలితో ఉంది. పాలిచ్చి వచ్చేస్తా" అంది ఆవు. "నిజంగా వస్తావా?" "మాటంటే మాటే!" సరే పొమ్మంది పులి.

ఆవు ఇంటికి పరిగెత్తింది. దూడకి కడుపునిండా పాలిచ్చింది. "అమ్మా, మళ్లీ ఎక్కడికే?" అంది దూడ. "పులి దగ్గరికి నాన్నా. నిన్ను పెద్దమ్మలు చూసుకుంటారు." "వెళ్లకపోతే ఏం?" "మాటంటే మాటే!"

ఆవు అడవికి వెళ్లింది. "పులిరాజా, వచ్చేశా." పులి ఆశ్చర్యపోయింది. "నిజంగానే వచ్చావా!" "మాటంటే మాటే!" పులి కాసేపు ఊరుకుంది. "నిన్ను నేను తినను. పో, నీ దూడ దగ్గరికి పో" అంది. ఆవు ఇంటికి వచ్చింది. దూడ "అంబా" అంటూ ఎదురొచ్చింది.

రెండోసారి మీరు "మాటంటే" అని ఆగితే "మాటే" అని వాళ్లే అందుకుంటారు. ఆ ఆగడానికి కూడా టైం ఉంచుకోవాలి. దూడ దగ్గర మాత్రం ఏడుపు గొంతు పెట్టకండి. చిన్నవాళ్లు బెంబేలెత్తి అమ్మ ఒళ్లోకి పోతారు, తర్వాత కథ వినరు.

కేఆర్ పురం నాన్న:
చదివి చాలా సంతోషమైంది. మా వాడికి ఐదేళ్లు, బాలనాగమ్మ కథ కావాలంటాడు. అది కూడా రెండు నిమిషాలకి రాసిపెట్టగలరా? అనంతపురంలో ఉన్న మా అమ్మకి వాడే చెప్పి వినిపించాలని ఆశ.

బాణసవాడి టీచరమ్మ:
అది కుదించే కథ కాదండీ, ముక్క తీసుకునే కథ. ఆవు కథలో మలుపు ఒక్కటే ఉంది కాబట్టి ఇంతలో ఒదిగింది. బాలనాగమ్మలో ఎన్ని మలుపులో, అన్నీ చెప్పబోతే పేర్ల జాబితా మిగులుతుంది. మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది, బాలవర్ధి వెళ్లి దాన్ని తెచ్చాడు. అంతవరకే తీసుకోండి. వాడికి ఆ చిలకే కావాలి. ఇంకోటి, రాసిచ్చి బట్టీ పట్టించకండి. మీరు చెప్పండి, మర్నాడు వాణ్ని చెప్పమనండి. వాడు వదిలేసింది కథకి అక్కర్లేనిది, వాడు చెప్పిన దాన్నే అమ్మగారికి వినిపించండి.

జయనగర్ అక్క:
నా అనుమానం ముగింపు మీద. బెంగళూరులో ఇదే కథ పుణ్యకోటి పేరుతో ప్రతి పిల్లకీ తెలుసు. కన్నడ పాటలో పులి పశ్చాత్తాపంతో ప్రాణం తీసుకుంటుంది. మన దగ్గర కూడా ఇది పాత కథే, అనంతామాత్యుడి భోజరాజీయంలో గోవ్యాఘ్ర సంవాదం ఉంది. ఇంత పాతదాన్ని మెత్తగా మార్చి చెప్పడం నాకు నచ్చలేదు. పులి చావు లేకపోతే ఆవు మాట బరువు తగ్గదా?

బాణసవాడి టీచరమ్మ:
ఎనిమిదేళ్ల వాళ్లకైతే పాటలో ఉన్నట్టే చెబుతానమ్మా. నాలుగేళ్ల వాళ్లకి పులి చచ్చిపోయిందని చెప్పి అక్కడ ఆపేస్తే, ఎందుకు, ఎలా అన్న ప్రశ్నలకి జవాబు చెప్పే టైం ఆ రెండు నిమిషాల్లో లేదు. సగంలో వదలడం కన్నా ఆ భాగం పెద్దయ్యాక వినడం మేలని నా నమ్మకం.

జయనగర్ అక్క:
నేనైతే ఒప్పుకోను. మా అమ్మాయి నాలుగో ఏటే పాట పూర్తిగా విన్నది, పులి కోసం ఏడ్చింది కూడా. ఆ కథ దానికి గుర్తుండిపోయింది అందుకే.

వైట్‌ఫీల్డ్ అమ్మ:
ఇద్దరి మాటా నాకు సబబుగానే ఉంది. టీచరమ్మ చెప్పినట్టే చెబుతాను, నాలుగేళ్ల వాళ్లే ఎక్కువ. కానీ "ఆంటీ, పులి చచ్చిపోతుంది కదా" అని బళ్లో విన్న పిల్ల ఎవరో ఒకరు అంటారు, అది ఖాయం. అప్పుడేం చెయ్యను?

మారతహళ్లి మామయ్య:
ఆ పిల్లనే లేచి చెప్పమనండి.

జయనగర్ అక్క:
చెప్పమంటే పాట మొత్తం పాడుతుంది మామయ్యా, మీ రెండు నిమిషాలు అయిపోయినట్టే. పక్కవాళ్ల వంతు కూడా అడిగి ఉంచుకోండి.