డబ్బా మీద 30 నిమిషాలు, నేను గంటన్నర: డై ఎక్కువసేపు ఉంచితే ఏమవుతుంది?

సుజాత_గుంటూరు: కణతల దగ్గర తెల్లవి పట్టడం లేదని క్రీమ్ డై గంటన్నర ఉంచాను. బ్రౌన్ కొంటే నల్లగా వచ్చింది, చివర్లు చీపురు పుల్లల్లా అయ్యాయి. ఎక్కువసేపు ఉంచితే రంగు ముదురుతుందా, జుట్టు పాడవుతుందా, ఏమీ కాదా?

శ్రీను77: ముదురుతుంది. మా అమ్మ రాత్రి పెట్టి పొద్దున కడుగుతుంది, నిగనిగలాడుతుంది.

కెమిస్ట్రీ_మాస్టారు: ఏమీ కాదు. నలభై నిమిషాలకు పెరాక్సైడ్ పని అయిపోతుంది. తర్వాత తల మీద ఉన్నది వట్టి బురద.

పార్లర్_లక్ష్మి: మాస్టారు సగమే చెప్పారు. గిన్నెలో మిగిలిన డైని గంట తర్వాత చూడండి, నల్లగా మారిపోయి ఉంటుంది. రంగు బయటే తయారైపోయింది కాబట్టి అది వెంట్రుక లోపలికి దూరదు, కడిగితే పోతుంది. కానీ అమోనియా ఉబ్బించిన వెంట్రుక గంటన్నర అలాగే తడిలో ఉంటుంది, మాడు కూడా. రంగుకు లాభం లేదు, మిగిలేది నష్టమే.

శ్రీను77: పార్లర్ వాళ్ళు అలాగే అంటారు. మా ఆవిడ దగ్గర రెండు వేలు తీసుకుని ఇరవై నిమిషాలకే కడిగేశారు. వారానికి తెల్లవి బయటపడ్డాయి!

పార్లర్_లక్ష్మి: ఎవరో చేసిన పనికి నన్నంటారేంటి? ఇరవై నిమిషాలకు కడిగితే తెల్లవి పట్టవని నేనూ అంటాను. ముందు ఇది చెప్పండి, మీ అమ్మగారు పెట్టేది డైయా, గోరింటాకా?

శ్రీను77: గోరింటాకు పొడి. పొద్దున నీలిఆకు పొడి.

పార్లర్_లక్ష్మి: ఇంతసేపూ దీని గురించేనా! అది ఆకు, కొన్ని గంటలు ఉంచితే నిజంగానే ముదురుతుంది. క్రీమ్‌కి ఆ లెక్క కుదరదు. సుజాత గారూ, ప్రతి నెలా కుదుళ్ళ నుంచి చివర్ల దాకా పెడుతున్నారా?

సుజాత_గుంటూరు: అవునండీ, ట్యూబు మిగిలిపోతుందని.

పార్లర్_లక్ష్మి: నలుపు అక్కడి నుంచి వచ్చింది, గంటన్నర వల్ల కాదు. పాత రంగు మీద నెలనెలా కొత్త రంగు పడింది. చివర్లు గుల్లబారి ఉంటాయి, ఇట్టే పీల్చుకుంటాయి. పెరిగిన కుదుళ్ళకే పెట్టండి. అదీ కణతలతో మొదలుపెట్టి, కాస్త మందంగా, ఆరిపోకుండా.

రమ్య_హైద్: నాకు పది నిమిషాలకే నుదురంతా దురద, మర్నాడు కళ్ళు వాచిపోయాయి. మీరు గంటన్నర ఎలా ఉంచారండీ?

పార్లర్_లక్ష్మి: రమ్యా, మళ్ళీ పెట్టకమ్మా. ముందు చర్మం డాక్టరుకు చూపించు.

కెమిస్ట్రీ_మాస్టారు: అయితే మొండి తెల్లవాటికి ఇంకో పది నిమిషాలు ఉంచమని కొన్ని డబ్బాల మీదే ఉంటుందే?

పార్లర్_లక్ష్మి: ఆ పది డబ్బా వాడు లెక్కేసి ఇచ్చినవి, మనం కలిపినవి కాదు.

కెమిస్ట్రీ_మాస్టారు: మా ఇంట్లో ఆ పదికీ తేడా కనిపించలేదు.

సుజాత_గుంటూరు: నాకు డబ్బాలో కాగితం కూడా దొరకడం లేదు.