భాగఫల వలయమా, శేష వలయమా?

అనువాదకురాలు: డిగ్రీ చదువుతున్న మా చెల్లి కోసం ఆల్జీబ్రా నోట్సు తెలుగులో రాస్తున్నాను. క్వోషెంట్ రింగ్ దగ్గర ఆగిపోయాను. క్వోషెంట్ అంటే మనకు చిన్నప్పటి నుంచీ భాగఫలమే కాబట్టి 'భాగఫల వలయం' అని రాశాను. దాని కింద ఉదాహరణ ఇది: వాస్తవ గుణకాల బహుపదుల్ని x²+1 తో భాగిస్తే వచ్చే ℝ[x]/(x²+1) అంటే, ఐసోమార్ఫిజం సిద్ధాంతం వాడి, సంకీర్ణ సంఖ్యలేనని చూపాలి. చెల్లి చదివి, "అక్కా, ఇందులో భాగఫలం ఎక్కడుంది?" అంది. నేను నోరు తెరవలేదు. మాట తప్పా, లెక్కే నాకు అర్థం కాలేదా?

పద్యప్రియ: నాకు లెక్కలు అంతంత మాత్రమే కానీ, x²+1 సున్నా అయితే x² మైనస్ ఒకటి అవ్వాలి. వాస్తవ సంఖ్య వర్గం రుణం ఎలా అవుతుంది? ముందు ఆ వాక్యమే తప్పేమో చూడండి.

లెక్కల మాస్టారు: పద్యప్రియ గారూ, ఇక్కడ x ఏ సంఖ్యా కాదు. కనిపెట్టాల్సిన విలువ కూడా కాదు. ఉత్త గుర్తు. ఏ సంఖ్యా కాదు కాబట్టే దాని వర్గం మైనస్ ఒకటి అని మనం నియమం పెట్టుకోవచ్చు.

అమ్మా, మీ చెల్లెలు సరైన ప్రశ్న వేసింది. విభాజ్యం, విభాజకం, భాగఫలం, శేషం అని నాలుగు మాటలు బడిలో చెప్పుకున్నాం కదా. ఈ వలయంలో భాగఫలాన్ని పారేస్తాం, ఉంచుకునేది శేషాన్ని. (2+3x) ని (4−x) తో గుణించండి. 8+10x−3x² వస్తుంది. దాన్ని x²+1 తో భాగిస్తే భాగఫలం −3, శేషం 11+10x. ఆ −3 ని ఇక ఎవరూ అడగరు. ఇప్పుడు (2+3i)(4−i) చేసి చూడండి, 11+10i. రెండూ ఒకే లెక్క, రెండు వేషాల్లో.

పద్యప్రియ: రుణశేషం, అగ్నిశేషం, శత్రుశేషం ఉంచకూడదంటారు. మీరేమో శేషం మాత్రమే ఉంచుతున్నారు! బావుంది. నేను వెనక్కి తగ్గాను.

బిట్‌బాబు: ఇంత తిరగడం ఎందుకండీ? x²+1 కి వాస్తవ మూలాలు లేవు, రెండో తరగతి బహుపది కాబట్టి ఇంకా చిన్న ముక్కలుగా విడిపోదు. అలాంటి దానితో భాగిస్తే వచ్చేది ఫీల్డ్, అంటే సున్నాతో తప్ప దేనితోనైనా భాగించగలిగే వలయం. కాబట్టి సంకీర్ణ సంఖ్యలు. ఐసోమార్ఫిజం సిద్ధాంతం అక్కర్లేదు.

లెక్కల మాస్టారు: సగం నిజం బాబూ. ఫీల్డ్ అని తేలింది, సరే. ఏ ఫీల్డ్? అకరణీయ సంఖ్యలతో మొదలుపెట్టినా x²+1 విడిపోదు, అక్కడా ఫీల్డే వస్తుంది. కానీ అందులో √2 కూడా ఉండదు. అది సంకీర్ణ సంఖ్యలు ఎలా అవుతుంది? ఆ 'ఏ' అన్న ప్రశ్నకు జవాబు చెప్పేదే సిద్ధాంతం.

పని ఇలా జరుగుతుంది. ప్రతి బహుపదిలోనూ x చోట i పెట్టండి. f పోయి f(i) అవుతుంది. ఇది కూడికనూ గుణకారాన్నీ చెడగొట్టదు. ఏ సంకీర్ణ సంఖ్యా మిగిలిపోదు, ఎందుకంటే a+bi కావాలంటే a+bx ని పంపితే చాలు. ఇక మిగిలింది కెర్నెల్, అంటే సున్నాకు పోయే బహుపదుల గుంపు. సిద్ధాంతం ఇచ్చే హామీ ఒక్కటే: ఆ గుంపుతో భాగిస్తే వచ్చే వలయం, చేరిన చోటు, రెండూ ఒకే అచ్చు.

మా పిల్లలు జారిపడేది కెర్నెల్ దగ్గరే. "i²+1 సున్నా, కాబట్టి కెర్నెల్ (x²+1)" అని రాసేసి పేజీ తిప్పేస్తారు. దానివల్ల తేలింది x²+1 గుణిజాలన్నీ సున్నాకు పోతాయని మాత్రమే. ఇంకేవీ పోవని ఎవరు చెప్పారు? అందుకు భాగహారం చేయాలి. f = q(x²+1) + a+bx. i పెడితే మొదటి ముక్క పోతుంది, a+bi మిగులుతుంది. అది సున్నా కావాలంటే, a, b వాస్తవ సంఖ్యలు కాబట్టి, రెండూ సున్నా కావాలి. అంటే f కచ్చితంగా x²+1 గుణిజమే.

అనువాదకురాలు: ఆ రెండో సగం రాయకపోతే నిజంగా ఏమైనా ప్రమాదం ఉందా మాస్టారూ, లేక మార్కుల కోసమేనా?

లెక్కల మాస్టారు: x చోట 1 పెట్టి చూడండి. x²−1 సున్నాకు పోతుంది, వాస్తవ సంఖ్యలన్నీ వస్తాయి. రెండో సగం వదిలేస్తే ℝ[x]/(x²−1) అంటే వాస్తవ సంఖ్యలేనని 'రుజువు' అయిపోతుంది! అది తప్పు. ఆ వలయంలో x−1, x+1 రెండూ సున్నా కావు, కానీ వాటి లబ్ధం సున్నా. వాస్తవ సంఖ్యల్లో అలా జరగదు. పొరపాటు ఎక్కడంటే x−1 కూడా సున్నాకు పోతుంది, అది x²−1 గుణిజం కాదు. అసలు కెర్నెల్ (x−1), మనం అనుకున్నదాని కంటే పెద్దది.

బిట్‌బాబు: ఒప్పుకున్నా. నా గోల ఇంకోటి. మేం నెట్‌వర్క్‌లో డేటా చెడిందేమో చూడ్డానికి సీఆర్‌సీ అని ఇదే శేషం లెక్కిస్తాం, గుణకాలు 0, 1 మాత్రమే. మరి అక్కడ x²+1 తో భాగిస్తే చిన్న సంకీర్ణ సంఖ్యలు వస్తాయా?

లెక్కల మాస్టారు: రావు. మీ లెక్కలో 1+1 సున్నా కదా, కాబట్టి x²+1 అంటే (x+1)². విడిపోయింది. నాలుగు మూలకాల వలయం వస్తుంది, అందులో x+1 సున్నా కాదు కానీ దాని వర్గం సున్నా. ఫీల్డ్ కాదు.

రైన్ ఒడ్డున: నేను జర్మనీలో ఉంటాను. ఇక్కడ దీన్ని 'రెస్ట్‌క్లాసెన్‌రింగ్' అంటారు, రెస్ట్ అంటే శేషమే. ఫాక్టోర్‌రింగ్ అని కూడా అంటారు. ఫ్రాన్స్‌లో కోషీ 1847లోనే సంకీర్ణ సంఖ్యల్ని ఇలా x²+1 తో భాగిస్తే వచ్చే శేషాలుగా చూడమన్నాడు. 'శేష వలయం' అని హాయిగా రాసేయండి.

లెక్కల మాస్టారు: నాకు మనసొప్పడం లేదు. ఆ జర్మన్ మాటలో శేషంతో పాటు 'క్లాసెన్' కూడా ఉంది. వలయంలో ఉండేవి శేషాలు కావు, ఒకే శేషం వచ్చే బహుపదుల గుంపులు. పైగా గ్రూపుల్లోనూ క్వోషెంట్ ఉంది. అక్కడ గుంపులే తప్ప భాగహారమూ లేదు, శేషమూ లేదు. అక్కడికి వెళ్లాక ఆ పిల్ల మళ్లీ "శేషం ఎక్కడుంది?" అంటుంది.

రైన్ ఒడ్డున: అప్పుడు 'శేషవర్గ వలయం' అనండి.

పద్యప్రియ: వర్గం అంటే మళ్లీ x² అనుకుంటారు సార్.

అనువాదకురాలు: చెల్లి పక్కనే కూర్చుని చదువుతోంది. i బదులు −i పెడితే ఏమవుతుందని అడుగుతోంది.

లెక్కల మాస్టారు: పెట్టమనండి. కెర్నెల్ అదే, రుజువులో అక్షరం మారదు. x కి i అయినా −i అయినా ఒకటే. అందుకే "సంకీర్ణ సంఖ్యలేనని చూపాలి" అన్న మీ వాక్యం నాకు కొంచెం గుచ్చుకుంది. 'వాటితో ఒకే అచ్చు' అని రాయండి. జత కుదర్చడానికి రెండు దారులున్నప్పుడు 'అవే' అనడం తొందరపాటు.

అనువాదకురాలు: మార్చాను. వలయం పేరు ప్రస్తుతానికి క్వోషెంట్ వలయం అనే ఉంచి, ఈ ఉదాహరణ దగ్గర మాత్రం 'ఇక్కడ మిగిలేవి శేషాలు' అని ఒక వాక్యం చేర్చాను. కెర్నెల్‌కి ఏం రాయను? చెల్లి 'టెంక' అంటోంది.

పద్యప్రియ: టెంక పైది, లోపలిది జీడి. మామిడి తినేవాళ్లని అడగండి.