బతుకమ్మకు ఊరికి పోతున్న ఏడేళ్ల పాపను పత్తి చేన్లకు పంపొచ్చా?

పాప అమ్మ: మాది హైదరాబాద్, అత్తగారిది పరకాల దగ్గర పల్లె. పాపకు ఏడేళ్లు, ఊరికి పోవుడు ఇదే మొదటిసారి. మా మామయ్య "పొద్దుగాల్నే చేన్లకు తోల్కపోయి పత్తి ఏరిపిస్త, గునుగు కోపిస్త" అంటుండు. మా ఆయనేమో వాకిట్ల ఆడుకుంటే సాలంటుండు. మీరేమంటరు?

చెల్క మనిషి: గునుగుకు పంపుండ్రి, పత్తికి వద్దు. రెండింటినీ ఒక్క గంపల ఎయ్యొద్దు.

పత్తికి పురుగుమందు బాగా కొడ్తం. దసరా నాటికి తొలి ఏరుడు మొదలైనా, కింద పత్తి పలుగుతుంటే పైన ఇంకా కాయ, పూత ఉంటయి. వాటి కోసం మందు కొడ్తనే ఉంటరు. పొద్దుగాల ఆకుల మీద మంచుంటది, తడి ఆకు రాసుకుంటే మందు ఒంటికి ఇంకా ఎక్కువ అంటుతది. ఏడేళ్ల పిల్ల మొఖం సరిగ్గ ఆ ఆకుల ఎత్తుల్నే ఉంటది. అసలు మంచు ఆరకముందు పత్తి ఏరే రైతెవరు? తడి పత్తికి మార్కెట్ల ధర కోస్తరు, తేమ 12 శాతం దాటితే సీసీఐ కొననే కొనదు. మీ మామయ్యకు ఇది తెల్వదని కాదు, మనుమరాలొస్తుందన్న సంబురంల అన్నడు.

ఒక్క మాట అడుగుండ్రి: ఆఖరి మందు ఎప్పుడు కొట్టిన్రు, డబ్బా మీద త్రికోణం ఏ రంగు? ఎరుపు అన్నిటికన్నా విషం, తర్వాత పసుపు, నీలం, పచ్చ. మందు కొట్టినంక ఎన్ని రోజులాగాల్నో కూడా దాని మీద్నో, లోపలి కాయితంల్నో ఉంటది.

హనుమకొండ బావ: ఇంత భయమెందుకన్నా? పచ్చ గుర్తయితే ఏం గాదు. రెండు రోజులాగితే వాసన పోతది. ఇంటికొచ్చినంక సబ్బుతో తానం పోసి, ఆ బట్టలు వేరుగ ఉతికితే సాలు.

చెల్క మనిషి: తానం, బట్టల సంగతి నిజమే బావా. కానీ వాసన పోతే మందు పోయినట్టు కాదు. పచ్చ గుర్తంటే విషం తక్కువని, లేదని కాదు.

పౌరుడు: ఏడేళ్ల పిల్లతో కూలి పని చేయిస్తారా? బాలకార్మిక చట్టం ఒకటుందని గుర్తు చేస్తున్నాను.

పాప అమ్మ: కూలికి కాదండీ, తాత ఎనుక తిరుగుడుకు.

బర్ల ఇల్లు: మా పిలగాడైతే చేనుకు పోనే పోలే, బర్రె దగ్గర పాలు పిండుతనని కూసున్నడు. కొత్త మనిషి వాసనకు బర్రె చేపలే. దుడ్డెను ఇడిసినా అంతే, ఆ పూట చెంబెడు పాలు కూడా రాలే. మా అమ్మ వాన్ని కొట్టం బయట నిలవెట్టినంకనే చేపింది. పిల్లకు తుమ్మ కొమ్మ ఇచ్చి మేకల దగ్గరికి పంపుండ్రి, అవి వాటంతటవే వస్తయి.

పోచమ్మగడ్డ అక్క: మీరందరు చేన్లనే తిరుగుతున్నరు. అసలు పని ఇంట్ల అత్తమ్మ దగ్గరుంది బిడ్డా.

గునుగును రెండు మూడు రోజుల ముందే తెచ్చుకోవచ్చు, ఎండినా రూపు మారది. బీడు మీదిది, గట్టు మీదిది కోపియ్యుండ్రి. పత్తి సాళ్లల్ల మొలిసినదానికి మందు తగిలే ఉంటది, అది వద్దు. తంగేడు మాత్రం ఏ పూటకాపూట తేవాలె, పొద్దు నెత్తికెక్కేసరికి వాడుతది.

పాపకు ఇచ్చే పని: గునుగు కాడలను ఒక్క తీరుగ జానెడు ఉండేటట్టు కత్తిరించి, గుప్పెడు గుప్పెడు దారంతోని కట్టుడు. తర్వాత కొసలు రంగు నీళ్లల్ల ముంచి, కిందికి కారకుండ దులిపి, నీడకు ఆరబెట్టుడు. పాత గౌను తొడుగుండ్రి, ఆ రంగు పోదు.

పేర్చుడు అత్తమ్మనే చెయ్యాలె. తాంబాలంల గుమ్మడాకు పరిచి, అంచుకు తంగేడు వరుస, మీద గునుగు. వరుస వరుసకు నడుమ ఖాళీల తుంచిన కాడలు, ఆకులు కూరాలె. ఆ కూరుడు పాపతోని చేపియ్యుండ్రి. నడుమ బోలుగ ఉంటే నాలుగో వరుసకే బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతది. అరచేత్తోని మెల్లగ ఒత్తి చూస్తే తెలుస్తది, లోపలికి దిగితే ఇంకింత కూరాలె.

హనుమకొండ బావ: అక్కా, ఇప్పుడు గట్ల మీద గునుగేడుంది? కలుపు మందు కొట్టి లేకుండ చేసిన్రు. మేము మార్కెట్ల కొంటున్నం.

పోచమ్మగడ్డ అక్క: చెరువు ఎనుక బీళ్లల్ల చూడుండ్రి. తక్కువైన మాట నిజమే.

పాప అమ్మ: మామయ్యకు ఫోన్ చేసిన. మందు కొట్టి పది రోజులైందట, డబ్బా పారేసిండట, రంగు యాదికి లేదట. పత్తి ఏరుడు బంద్. గునుగుకు మాత్రం పోతం. మా ఆయన ఇప్పుడు పాముల పేరు తీస్తుండు, ఇంకా ఒప్పుకోలే.

చెల్క మనిషి: ఆ మాట తీసెయ్యలేం. బూట్లు తొడుగుండ్రి, తాతను కట్టెతోని ముందు నడవమనుండ్రి, గడ్డిల చెయ్యి పెట్టకముందు కట్టెతో తట్టాలె. చీకటి పడ్డంక పోవద్దు. ఇంతకన్నా భరోసా నేనియ్యలేను.