బాగా పెరుగుతున్న ఒక్క షేరును తగ్గించుకుని పొదుపును పంచడం అవసరమా?

కొత్త మదుపరి: నా పొదుపులో 70 శాతం నేను ఉద్యోగం చేస్తున్న సంస్థ షేర్లలోనే ఉంది. 20 శాతం బ్యాంకు డిపాజిట్, 10 శాతం బంగారం. కొన్నేళ్లుగా ఈ షేరు మిగతా రెండింటికన్నా ఎంతో వేగంగా పెరిగింది. పెరుగుతున్నదాన్ని అమ్మి, పెరగనివాటిలో పెట్టడం వల్ల నిజంగా ప్రయోజనం ఉంటుందా?

ఏకాగ్ర: ఉండదని నా అభిప్రాయం. పెద్ద సంపద కూడబెట్టినవారిలో ఎక్కువమంది ఒకే సంస్థను నమ్ముకుని ఏళ్ల తరబడి కదలకుండా నిలిచినవారే. పైగా మీరు ఆ సంస్థలో పనిచేస్తున్నారు కాబట్టి, బయటివారికన్నా దాని బాగోగులు మీకే ముందు తెలుస్తాయి. పది చోట్ల పంచితే పదింటి సగటు ఫలితమే వస్తుంది తప్ప అందులోని మొదటి దాని ఫలితం రాదు.

నికరలెక్క: సగటు గురించి ఏకాగ్ర గారు చెప్పింది సరైనదే, చాలామంది పొరబడేది కూడా అక్కడే కనుక కాస్త వివరంగా రాస్తాను. పంచడం వల్ల సగటు నష్టం తగ్గదు. ఏడాదిలో కుప్పకూలి విలువంతా పోగొట్టుకునే అవకాశం ఒక్కొక్కదానికి 5 శాతం చొప్పున ఉన్న పది సంస్థలను ఊహించుకోండి. సొమ్మంతా ఒక్కదానిలో ఉంచినా, పదింటిలో సమానంగా పెట్టినా, సగటున ఆశించాల్సిన నష్టం 5 శాతమే. ఇంకో విచిత్రం చూడండి: ఒక్క సంస్థే ఉన్నవారికి ఆ ఏడాది దెబ్బ తగిలే అవకాశం 5 శాతం కాగా, పది ఉన్నవారికి కనీసం ఒక్క దెబ్బైనా తగిలే అవకాశం 40 శాతం దాకా ఉంటుంది. అంటే పంచుకున్నవాళ్లు నష్టాన్ని మరింత తరచుగా చూస్తారు.

మారేది నష్టం పరిమాణం. మొదటివారికి ఆ 5 శాతం అవకాశం నిజమైతే అంతా పోతుంది. రెండవవారికి ఒక సంస్థ కూలితే పదోవంతు పోతుంది. రెండవవారు సగమో అంతకన్నా ఎక్కువో పోగొట్టుకోవాలంటే ఒకే ఏడాదిలో ఐదు సంస్థలు కూలాలి. అవి ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే ఆ అవకాశం లక్షకు దాదాపు 6 మాత్రమే. పదోవంతు పోగొట్టుకున్నవారు మిగిలినదానిపై 11 శాతం లాభంతో మొదటి చోటికి చేరుకుంటారు. సగం పోగొట్టుకున్నవారికి 100 శాతం లాభం కావాలి. అంతా పోగొట్టుకున్నవారికి ఇక లెక్కే లేదు. నష్టం పెరిగేకొద్దీ దాని నుంచి కోలుకోవడానికి కావలసిన లాభం అంతకన్నా వేగంగా పెరుగుతుంది కాబట్టే, అరుదుగా వచ్చే పెద్ద దెబ్బను తరచుగా వచ్చే చిన్న దెబ్బలుగా మార్చుకోవడానికి విలువ ఉంది.

ఏకాగ్ర: లెక్క ఒప్పుకుంటాను. అయితే కూలే అవకాశాన్ని మాత్రమే చూపి, పదింతలయ్యే అవకాశాన్ని మీరు పక్కన పెట్టారు. నష్టాన్ని చిన్నది చేసే పద్ధతి లాభాన్నీ చిన్నది చేస్తుంది కదా?

నికరలెక్క: చేస్తుంది. కానీ పదింతలయ్యేది ఏదో ముందుగా తెలిసినప్పుడే ఆ వాదన నిలుస్తుంది. హెండ్రిక్ బెసెంబైండర్ అనే ఆర్థిక ఆచార్యుడు 1926 నుంచి 2016 వరకు అమెరికా షేర్లన్నింటినీ పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో తేలిందేమిటంటే, ప్రభుత్వ స్వల్పకాలిక బిల్లులపై వచ్చే రాబడికి మించి మార్కెట్ మొత్తంగా సృష్టించిన సంపదంతా సుమారు 4 శాతం సంస్థల నుంచే వచ్చింది, సగానికి పైగా షేర్లు తమ జీవితకాలంలో ఆ బిల్లులంత కూడా ఇవ్వలేదు. దీన్ని మీరు ఒకే షేరును పట్టుకోవడానికి సమర్థనగా చదవవచ్చు. నేను మాత్రం, యాదృచ్ఛికంగా ఎంచుకున్న ఒక్క షేరు ఆ 4 శాతంలో ఉండే అవకాశం చాలా తక్కువ కాబట్టి, ఎక్కువ సంస్థలను కలిగి ఉండటమే ఆ 4 శాతాన్ని చేజార్చుకోకుండా ఉండే మార్గమని చదువుతాను. మీరు చెప్పిన సంపన్నుల వెనుక, అంతే నమ్మకంతో నిలిచి మునిగిపోయినవాళ్లు ఎందరో మనకు తెలియదు. వాళ్ల గురించి ఎవరూ రాయరు.

ఐదు ఫండ్లు: నా అనుభవం చెబుతాను. ఈ చర్చకు సంబంధించినదేనని అనుకుంటున్నాను. నేను ఐదు వేర్వేరు మ్యూచువల్ ఫండ్లలో పొదుపు చేస్తున్నందున నాది బాగా పంచిన పొదుపేనని ధీమాగా ఉన్నాను. ఒకసారి మార్కెట్ పడినప్పుడు ఐదూ దాదాపు ఒకే మోతాదులో పడ్డాయి. వాటి నెలవారీ పత్రాలు తెరిచి చూస్తే, ప్రతి ఫండులోని మొదటి పది షేర్లలో ఏడెనిమిది మిగతావాటిలోనూ ఉన్నాయి. ఐదు పేర్లున్నా లోపలి సరుకు ఒకటే. మరి ఇప్పుడు ఫండ్ల సంఖ్యను ఎనిమిదికి పెంచితే సరిపోతుందా?

నికరలెక్క: సరిపోదు, ఎందుకంటే సంఖ్య కన్నా కారణం ముఖ్యం. నా లక్షకు 6 లెక్క, సంస్థలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా కూలుతాయన్న షరతు మీద నిలిచింది. పదీ ఒకే పరిశ్రమకు చెందినవైతే, ఒకే ముడిసరుకు మీద ఆధారపడితే, లేదా పదీ భారీ అప్పులతో నడుస్తున్నవైతే, ఒక్క సంఘటన వాటన్నింటినీ ఒకేసారి పడగొట్టగలదు. అందుకే కొత్తది చేర్చే ముందు, ఇప్పుడున్నవి పడిపోయిన నెలల్లో అది ఎలా ప్రవర్తించిందో చూడండి. మంచి నెలల్లో కలిసి పెరిగితే చింత లేదు, చెడు నెలల్లో కలిసి పడుతుంటేనే దాని వల్ల రక్షణ తక్కువ అని అర్థం.

సందేహి: మీరిద్దరూ షేర్ల మధ్య పంచడం గురించే మాట్లాడుతున్నారు. 2008లో షేర్లు, ఇళ్లు, సరుకులు అన్నీ కలిసి పడ్డాయి. అవసరమైన రోజునే పనిచేయని రక్షణకు ఇంత ప్రచారం ఎందుకు?

పాత ఖాతా: సగం నిజం చెప్పారు. ఆ ఏడాది డివిడెండ్లు కలుపుకున్నా అమెరికా పెద్ద సంస్థల షేర్ల సూచీ సుమారు 37 శాతం పడింది, ఇతర దేశాల షేర్లు కూడా తోడుగా పడ్డాయి. కానీ భయపడినవారంతా అమెరికా ప్రభుత్వ బాండ్ల వైపు పరుగెత్తడంతో వాటి ధరలు పెరిగాయి. అయితే దీన్ని శాశ్వత సూత్రంగా పట్టుకున్నవారికి 2022లో వేరే పాఠం ఎదురైంది. ద్రవ్యోల్బణం, దానిని అదుపు చేయడానికి వేగంగా పెంచిన వడ్డీ రేట్లు రెండింటినీ దెబ్బతీయడంతో అమెరికాలో షేర్లు సుమారు 18 శాతం, బాండ్లు సుమారు 13 శాతం నష్టపోయాయి. ఆర్థిక మాంద్య భయం వచ్చినప్పుడు బాండ్లు షేర్లకు ఎదురు నడుస్తాయి, వడ్డీ రేట్ల భయం వచ్చినప్పుడు పక్కనే నడుస్తాయి. అయినా ఆ 2022లో కూడా రెండూ కలిపి ఉంచుకున్నవారి నష్టం, షేర్లు మాత్రమే ఉన్నవారి నష్టం కన్నా కొంచెం తక్కువే. తగ్గించిందే గానీ తప్పించలేదు.

సందేహి: "కొంచెం తక్కువ" అనేది ఇంత చర్చకు తగిన ఫలితమా అన్నదే నా ప్రశ్న. నాకైతే ఇంకా తృప్తిగా లేదు.

నికరలెక్క: అది న్యాయమైన అసంతృప్తే. కానీ ప్రశ్న అడిగినవారి పరిస్థితి అంత సూక్ష్మమైనది కాదు, వారి 70 శాతం ఒక్క సంస్థలో ఉంది, పైగా జీతం కూడా అక్కడి నుంచే వస్తోంది. ఆ జీతాన్ని వారు తమ ఆస్తుల జాబితాలో రాయలేదు, కానీ అది అన్నింటికన్నా పెద్ద ఆస్తి కావచ్చు.

మొత్తం పొదుపును 100 భాగాలు అనుకుందాం. షేరు 80 శాతం పడిందనుకుంటే 70 భాగాలు 14 అవుతాయి, మొత్తం 44 మిగులుతుంది. అదే సమయంలో సంస్థ ఉద్యోగులను తగ్గిస్తే, ఏడాది ఇంటి ఖర్చులకు 12 భాగాలు తీయవలసి వచ్చి 32 మిగులుతుంది. మళ్లీ 100కు చేరాలంటే 210 శాతానికి పైగా లాభం కావాలి. అదే షేరును ముందుగా 10 భాగాలకు తగ్గించి, మిగతాది వేరే చోట్ల ఉంచి, అవేవీ పడలేదనుకుంటే, షేరులో 8 భాగాలు పోయి 92, ఏడాది ఖర్చుల తర్వాత 80 మిగులుతుంది. 25 శాతం లాభంతో తిరిగి చేరుకోవచ్చు. సంక్షోభం అదే, ఉద్యోగం పోవడమూ అదే, తేడా మాత్రం ఇంత.

ఇది ఊహాత్మక భయం కాదు. ఎన్‌రాన్ సంస్థ ఉద్యోగుల విరమణ నిధిలో సగానికి పైగా సొంత సంస్థ షేర్లే ఉండేవి. 2000 ఆగస్టులో సుమారు 90 డాలర్లు పలికిన షేరు, 2001 డిసెంబరు 2న సంస్థ దివాలా పిటిషన్ వేసేనాటికి ఒక డాలరు లోపు ఉంది. ఉద్యోగాలు పోయిన వేలాదిమందికి పొదుపు కూడా అదే సమయంలో పోయింది. వాళ్లూ లోపలివారే, ఏకాగ్ర గారు. లోపలివారికి ముందే తెలుస్తుందన్న నమ్మకం అక్కడ ఎక్కువమందికి పనిచేయలేదు, ఎందుకంటే లెక్కలను దాచింది వాళ్ల పైనున్నవాళ్లే.

ఏకాగ్ర: ఎన్‌రాన్ ఒక మోసం. అన్ని సంస్థలకూ దాన్ని కొలబద్దగా పెట్టడం సరికాదు.

పాత ఖాతా: మోసం లేకుండా కూడా సంస్థలు క్షీణిస్తాయి. ఈస్ట్‌మన్ కొడాక్ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. ఫిల్మ్ అమ్మకాలు తగ్గిపోవడం ఏళ్ల తరబడి అందరి కళ్ల ముందే జరిగింది. నెమ్మదిగా జరిగే క్షీణతలో ఇంకో ఇబ్బంది ఉంది: పడిన ప్రతిసారీ ఈసారి కోలుకుంటుందని అనిపిస్తుంది, కాబట్టి అమ్మే రోజు ఎప్పుడూ రాదు.

కొత్త మదుపరి: జీతాన్ని కూడా ఒక ఆస్తిగా లెక్కించాలన్నది నాకు తట్టలేదు. మరి అమ్మడం ఒకేసారి చేయాలా, విడతలుగానా? ఒకేసారి అమ్మితే పెద్ద లాభపు పన్ను పడుతుంది, పైగా కొన్ని షేర్లకు అమ్మకూడని గడువు కూడా ఉంది.

నికరలెక్క: గడువు ఉన్నవాటిని ఇప్పుడు లెక్క నుంచి తీసేయండి, అవి మీ చేతిలో లేవు. కాబట్టి అమ్మగలిగినవాటిలో ఇంకా ఎక్కువ తగ్గించాలి. పన్ను గురించి నా వాదన ఇది: పన్ను పడేది లాభం మీద మాత్రమే, దాని రేటు మీకు ముందే తెలుసు. సంస్థ పడిపోయినప్పటి నష్టం ఎంతో తెలియదు. తెలిసిన ఖర్చును తప్పించుకోవడానికి తెలియని నష్టాన్ని మోయడం నాకు సమంజసంగా అనిపించదు.

పాత ఖాతా: ఇక్కడ నేను విభేదిస్తాను. పన్ను సంవత్సరాలు రెండింటి మీదుగా మూడు నాలుగు విడతలుగా, ముందే తేదీలు రాసిపెట్టుకుని అమ్మితే, పన్ను తగ్గుతుంది, ధర చూసి మనసు మార్చుకునే అవకాశమూ తగ్గుతుంది. తేదీ వచ్చిన రోజు ధర ఎంత ఉన్నా అమ్మాలన్న షరతు లేకపోతే మాత్రం ఈ పద్ధతికి అర్థం లేదు.

నికరలెక్క: ఆ విడతల మధ్య కాలంలో సంస్థ కూలితే?

పాత ఖాతా: అందుకే మొదటి విడతే పెద్దదిగా ఉండాలంటాను. ఎంత పెద్దదన్నది, ఉద్యోగం లేకుండా వారు ఎన్ని నెలలు గడపగలరో చెప్పాకే తేలుతుంది. డిపాజిట్‌లోని ఆ 20 శాతం ఎన్ని నెలల ఖర్చుకు సరిపోతుందో వారు ఇంకా చెప్పలేదు.